మూడు మీటర్ల బెలూన్ ఎన్ని కిలోలు ఎత్తుతుంది?

విశాఖపట్నం బీచ్ రోడ్డులో నిరుడు అక్టోబరులో మా కాలనీ సంఘం ఒక కార్యక్రమం పెట్టుకున్నప్పుడు, సంఘం పేరు రాసిన ఫ్లెక్సీని పెద్ద హీలియం బెలూన్‌కు వేలాడదీసి ముప్పై మీటర్ల ఎత్తున నిలపాలని నిర్ణయించారు. భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కాబట్టి లెక్క నాకు అప్పగించారు. కాగితం మీద మూడు కిలోలకు పైగా మిగులు తేలింది. తెల్లవారుజామున గ్యాస్ నింపి ఫ్లెక్సీ కట్టేసరికి బెలూన్ లేచింది గాని, పిల్లవాడు ఒక వేలితో తాడు లాగితే కిందికి వచ్చేసేటంత నీరసంగా లేచింది. ఆ తేడా ఎక్కడ పోయిందో వెతకడమే ఈ వ్యాసంలోని విషయం.

ముందుగా లెక్క సంగతి. నీటిలో ముంచిన బిందె ఎంత నీటిని పక్కకు తోస్తుందో అంత నీటి బరువుకు సమానమైన బలంతో పైకి నెట్టబడుతుంది. గాలిలో ఉన్న బెలూన్‌కూ ఇదే వర్తిస్తుంది. బెలూన్ ఆక్రమించిన చోట ఉండవలసిన గాలి బరువు ఎంతో, అంత బలం దానిని పైకి నెడుతుంది. లోపలి వాయువు బరువు కిందికి లాగుతుంది. అందువల్ల గాలి సాంద్రతలో నుంచి వాయువు సాంద్రతను తీసివేసి, వచ్చిన దానిని బెలూన్ ఘనపరిమాణంతో గుణిస్తే అది మొత్తం ఎత్తగల బరువు వస్తుంది. అందులో నుంచి బెలూన్ తొడుగు, తాడు, కట్టిన సామాను బరువు పోగా మిగిలినదే మనకు నిజంగా దక్కే ఎత్తుడు.

విశాఖలో సముద్ర మట్టానికి దగ్గరగా, 28 డిగ్రీల ఉష్ణోగ్రతలో, తేమ బాగా ఉన్న రోజున ఒక ఘనమీటరు గాలి సుమారు 1.15 కిలోలు తూగుతుంది. అదే ఉష్ణోగ్రతలో, అదే పీడనంలో ఒక ఘనమీటరు హీలియం సుమారు 0.16 కిలోలు తూగుతుంది. తేడా 0.99. అంటే ఘనమీటరుకు దాదాపు కిలో, లీటరుకు దాదాపు గ్రాము అని గుర్తుపెట్టుకుంటే చాలు. మన ఊరి గాలిలో ఉక్కపోతగా ఉన్నప్పుడు గాలి బరువెక్కిందని అంటుంటాం గాని, నిజానికి తేమ చేరిన గాలి పొడిగాలి కంటే తేలిక. నీటి అణువు నైట్రోజన్, ఆక్సిజన్ అణువుల కంటే తేలికైనది కదా. కనుక ఉక్కరోజున బెలూన్ కాస్త తక్కువే ఎత్తుతుంది, అయితే ఆ నష్టం నూటికి ఒక వంతు మాత్రమే.

ఎత్తుడు సాంద్రతల తేడా మీద ఆధారపడుతుందే గాని నిష్పత్తి మీద కాదన్నది తరగతిలో చెప్పినా చాలామందికి ఎక్కదు. హైడ్రోజన్ సాంద్రత హీలియంలో సగం కాబట్టి అది రెట్టింపు బరువు ఎత్తుతుందని విద్యార్థులు ఠక్కున జవాబిస్తారు. తీసివేత చేసి చూస్తే హైడ్రోజన్‌కు 1.07, హీలియంకు 0.99 వస్తాయి, లాభం ఎనిమిది శాతమే. ఆ ఎనిమిది శాతం కోసం నిప్పురవ్వకు భగ్గుమనే వాయువును జనం మధ్య, దీపాల తీగల పక్కన నిలబెట్టడం నాకు ఎన్నడూ సమంజసంగా తోచలేదు.

ఇక మా బెలూన్. అద్దెకు ఇచ్చినవారు మూడు మీటర్ల బెలూన్ అన్నారు. మూడు మీటర్ల వ్యాసం గల గోళం ఘనపరిమాణం 14.1 ఘనమీటర్లు, దానిని 0.99తో గుణిస్తే 14 కిలోలు. ఖాళీ తొడుగును కాటా మీద పెడితే 7.2 కిలోలు తూగింది. నైలాన్ తాడు 700 గ్రాములు, ఫ్లెక్సీ దాని పైపులతో సహా 2.8 కిలోలు. మొత్తం 10.7 కిలోలు పోగా 3.3 కిలోలు మిగలాలి. కాగితం మీద ఇందులో తప్పేమీ లేదు.

మొదటి అనుమానం పరిమాణం మీదికి పోయింది. ఇటువంటి ప్లాస్టిక్ తొడుగులను పుచ్చకాయ చారల వంటి ముక్కలుగా కత్తిరించి అంచులు అతికిస్తారు. అతుకుల్లో కొంత షీటు పోతుంది, కత్తిరింపు ముందటి కొలతే పేరుగా మిగిలిపోతుంది. గోళం వ్యాసాన్ని నేరుగా కొలవడం కష్టం కాబట్టి, పురికొస తీసుకుని నడుము చుట్టూ బిగించి, విప్పి, టేపుతో కొలిచాము. మూడు వేర్వేరు దిశల్లో చుట్టి చూస్తే ప్రతిసారీ 9 మీటర్లకు రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూగా వచ్చింది. నిజంగా మూడు మీటర్ల బెలూన్ అయితే చుట్టుకొలత 9.42 మీటర్లు ఉండాలి. మా దాని వ్యాసం 2.86 మీటర్లు అన్నమాట.

పద్నాలుగు సెంటీమీటర్ల లోటు వినడానికి పెద్దగా అనిపించదు. కాని ఘనపరిమాణం వ్యాసాన్ని మూడుసార్లు గుణించుకుంటుంది. వ్యాసంలో అయిదు శాతం కంటే తక్కువ పోతే ఘనపరిమాణంలో పదమూడు శాతం పోయింది, 14.1 ఘనమీటర్లు కాస్తా 12.3 అయ్యాయి, ఎత్తగల బరువు 12.2 కిలోలకు దిగింది. తొడుగు, తాడు, ఫ్లెక్సీల బరువు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. కాబట్టి 14లో 1.8 కిలోలు తగ్గినా, మిగులు 3.3 నుంచి 1.5కు, అంటే సగానికి లోపుకు పడిపోయింది. పుట్టినరోజు పండుగల్లో కట్టే 28 సెంటీమీటర్ల రబ్బరు బెలూన్ విషయంలోనూ ఇదే సంగతి కనిపిస్తుంది. దానిలో పట్టేది సుమారు పదకొండున్నర లీటర్లు, ఎత్తేది పదకొండు గ్రాములు, రబ్బరే మూడు గ్రాములు. బాగా తక్కువ ఊదితే రిబ్బను కట్టగానే గాలిలో తచ్చాడుతూ కింద పడుతుంది.

అయితే 1.5 కిలోల మిగులున్న బెలూన్ కూడా ఒక వేలికి లొంగదు. ఇంకా ఏదో పోతోంది. అప్పుడు ఫ్లెక్సీని, పొడవు తాడును విప్పేసి, కూరగాయల దుకాణంలో తగిలించే రకం స్ప్రింగ్ త్రాసును నేలలో పాతిన మేకుకు కట్టి, దాని కొక్కేనికి బెలూన్‌ను తగిలించాము. అప్పటికి గాలి పూర్తిగా స్తంభించి ఉంది; లేకపోతే ఈ కొలతకు అర్థం ఉండదు. 12.2లో నుంచి తొడుగు బరువు 7.2 తీసేస్తే ముల్లు అయిదు కిలోల దగ్గర నిలవాలి. అది 4.2 దగ్గర నిలిచింది.

ఈ ఒక్క అంకెతో లోపలి వాయువు స్వచ్ఛత చెప్పవచ్చు. 4.2కు తొడుగు బరువు 7.2 కలిపితే అసలు ఎత్తుడు 11.4 కిలోలు. దానిని 12.3 ఘనమీటర్లతో భాగిస్తే ఘనమీటరుకు 0.93 వస్తుంది. ఉండవలసినది 0.99. హీలియంలో ఎంత భాగం గాలి కలిస్తే ఎత్తుడులో సరిగ్గా అంత భాగం పోతుంది, ఎందుకంటే బెలూన్ లోపలి గాలి బయటి గాలిని ఎత్తలేదు. ఆరు శాతం తగ్గిందంటే లోపల ఆరు శాతం, అంటే సుమారు ముప్పావు ఘనమీటరు, మామూలు గాలి ఉందన్నమాట. చుట్టుకొలతలో ఒక శాతం పొరపాటు ఘనపరిమాణంలో మూడు శాతం అవుతుంది కనుకనే నడుము మూడుసార్లు కొలిచాము. ఒకేసారి కొలిచి సిలిండర్ల దుకాణం మీద నింద వేసి ఉంటే అన్యాయమయ్యేది.

నింద వేయడానికి నోటిదాకా వచ్చిన మాట వాస్తవం. గ్యాస్ కల్తీ అని సంఘంలో ఇద్దరు తీర్మానించేశారు. ఇంతలో బెలూన్ నింపిన కుర్రవాడు, “మడతలు అతుక్కుపోయి ఉన్నాయండి, విడదీయడానికి ముందు బ్లోయర్ పెట్టి కాసేపు ఊదాను, తర్వాతే గ్యాస్ ఎక్కించాను” అన్నాడు. ఊదిన గాలిని బయటికి నొక్కి తీయాలని అతనికి ఎవరూ చెప్పలేదు. తొడుగును చాపలా గట్టిగా చుట్టుకుంటూ వచ్చి ఉంటే ఆ గాలి మూతి గుండా పోయేది. ఇప్పుడు చేయగలిగింది లేదు: పాలలో కలిసిన నీళ్లలాగే అది హీలియంతో కలిసిపోయింది, కింద వేరుగా పేరుకుని ఉండదు. కొంత వదిలేసినా రెండూ అదే పాళ్లలో బయటికి పోతాయి.

ఫ్లెక్సీ తిరిగి కడితే మిగులు 700 గ్రాములు. నిశ్చలమైన గాలిలో అదీ నిలుస్తుంది. కాని బీచ్ రోడ్డులో పగలెక్కాక సముద్రం మీది గాలి మొదలవుతుంది. సెకనుకు అయిదు మీటర్ల గాలి, అంటే జెండా రెపరెపలాడే పాటి గాలి, ఆ పరిమాణం గల గోళాన్ని సుమారు రెండు కిలోల బరువుకు సమానమైన బలంతో పక్కకు తోస్తుంది. ఫ్లెక్సీ మీద పడే తోపు దానికి అదనం. పైకి 700 గ్రాములు, పక్కకు రెండు కిలోలు లాగుతుంటే తాడు నిలువు నుంచి డెబ్భై డిగ్రీలు ఒరిగిపోతుంది, ముప్పై మీటర్ల తాడు కట్టిన బెలూన్ నేలకు పది మీటర్ల ఎత్తులో, కరెంటు తీగల మధ్యకు వస్తుంది. అనుకున్న 3.3 కిలోలు ఉండి ఉంటే ఒరుగు ముప్పై డిగ్రీలతో ఆగేది. అందుచేత ఎగిరిందా లేదా అన్న ప్రశ్నతో పాటు, ఆ చోటి గాలికి ఎంత మిగులు కావాలన్నది కూడా లెక్కలో ముందే రాసుకోవాలి, నేను రాసుకోలేదు.

ఫ్లెక్సీని రెండు స్తంభాల మధ్య కట్టించి, ఒట్టి బెలూన్‌నే వదిలాము. తాడు బరువు పోగా 3.5 కిలోలు మిగిలాయి. మధ్యాహ్నం ఎండకు లోపలి వాయువు వేడెక్కి, సాగని ప్లాస్టిక్ తొడుగు తప్పెటలా బిగిసింది. అతుకులు విడిపోతాయన్న భయంతో కుర్రవాడు దించి, కాస్త గ్యాస్ వదిలాడు. సాయంత్రం చల్లబడ్డాక కింది భాగంలో ముడతలు కనిపించేసరికి ఎక్కడో చిల్లి పడిందని మళ్లీ గోల మొదలైంది. చిల్లి ఏదీ లేదు. ఎండలో వాయువు పది డిగ్రీలు వేడెక్కితే నూటికి మూడు వంతులు వ్యాకోచిస్తుంది. ఆ మూడు వంతులే మధ్యాహ్నం బయటికి పోయాయి. త్రాసు మళ్లీ తగిలించి చూస్తే, ముల్లు ఉదయం చూపిన 4.2కు బదులు 3.9 దాటకుండా వణుకుతూ నిలిచింది.