తాజ్‌మహల్‌లో గంటల లెక్క ఎలా మొదలైంది

తాజ్‌మహల్‌లో ఒక్కొక్కరు ఎంతసేపు ఉండొచ్చన్న నిబంధన మొదట రాత్రి సందర్శనకే వచ్చింది. భద్రత కారణాలతో 1984లో ఆపేసిన వెన్నెల సందర్శనను 2004 నవంబర్‌లో సుప్రీంకోర్టు అనుమతితో మళ్లీ తెరిచారు. పున్నమి, దానికి ముందు రెండు రాత్రులు, తర్వాత రెండు రాత్రులు. 50 మంది చొప్పున 8 బ్యాచ్‌లు, ఒక్కో బ్యాచ్‌కి అరగంట. అంటే రాత్రికి 400 మందే. అదీ దూరంగా ఉన్న ఎర్రరాతి వేదిక మీది నుంచి చూడటమే.

పగటి పూట అలాంటి కట్టడి చాలాకాలం లేదు. 2017 డిసెంబర్ 28న గేటు దగ్గర తొక్కిసలాటలో ఐదుగురు గాయపడ్డారు. ఆ తర్వాత కొద్ది రోజులకే రోజుకు 40,000 మంది దేశీయ సందర్శకులు చాలన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. 2018 ఏప్రిల్ 1 నుంచి టికెట్ 3 గంటలే చెల్లుతుందన్నారు.

ఈ రెండో నిర్ణయమే కీలకమని నా అభిప్రాయం. లోపల ఒకేసారి ఎంతమంది ఉంటారన్నది గంటకు వచ్చేవాళ్లను, వాళ్లు ఉండే గంటలతో గుణిస్తే తెలుస్తుంది. 40,000 మంది 12 గంటల్లో సమంగా వచ్చి, తలా 3 గంటలు ఉంటే లోపల ఏ సమయంలోనైనా 10,000 మంది ఉంటారు. కానీ జనం అలా సమంగా రారు. అందులో సగం మంది ఒకే 3 గంటల్లో వచ్చేస్తే లోపల 20,000 మంది చేరతారు. రోజు పరిమితి దాటకుండానే రద్దీ రెట్టింపవుతుంది. పైగా 15 ఏళ్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం కాబట్టి, అమ్మిన టికెట్లను లెక్కపెడితే వాళ్లు అందులోకి రారు.

అసలు ఒత్తిడి తోటలో కాదు, సమాధి గదిలో. తోటలో విడిపోయి తిరిగిన జనమంతా అక్కడికొచ్చేసరికి ఒక్క ద్వారం దగ్గర కలుస్తారు. పాదాల కింద రాయి అరుగుతుంది, చేతులు తగిలే ఎత్తులో గోడ మీద నూనె మురికి పట్టేస్తుంది. అరుగుదల తెలియాలంటే జనం తొక్కే రాయి ఎత్తును పక్కనే ఎవరూ తొక్కని రాయితో పోల్చి, ఏటా అవే బిందువుల దగ్గర కొలవాలి. ఒక్క ఏడాదిలో వచ్చే తేడా కొలత పొరపాటులో కలిసిపోయేంత చిన్నది. అందుకే కొలిచే చోట్లు మార్చకుండా ఏళ్ల తరబడి ఓపిగ్గా చూడాలి. సమాధి గది ఉన్న వేదికకు ఎక్కే పాలరాతి మెట్ల మీద చెక్క మెట్లు వేసింది ఈ అరుగుదలను తప్పించడానికే.

2018 డిసెంబర్‌లో సమాధి గదికి విడిగా 200 రూపాయల టికెట్ పెట్టారు. ఒత్తిడి ఉన్న చోటే కట్టడి పెట్టడం సరైన పని. అయితే అది జనాన్ని డబ్బుతో వడకడుతోంది. కోవిడ్ తర్వాత 2020 సెప్టెంబర్ 21న మళ్లీ తెరిచినప్పుడు రోజుకు 5,000 మందిని రెండు స్లాట్లుగా పంపారు. అదే స్లాటు పద్ధతిని సమాధి గది ద్వారం దగ్గర పెడితే, 200 రూపాయలు పెట్టలేని కుటుంబం కూడా తన వంతు రాగానే లోపలికి వెళ్లి చూడగలుగుతుంది.