లాభంలో కనిపించని నష్టం: 2013లో బ్యాంకులకు దక్కిన మినహాయింపు కథ

బాండ్లను అమ్మకపోయినా వాటి ధర పడి కాగితం మీద కనిపించే నష్టాన్ని బ్యాంకు మూలధనంలోంచి తీసేయాలా వద్దా అన్న గొడవ అమెరికాలో చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు మూతపడిన తీరు అందరికీ తెలిసిందే. ఆ నష్టం అప్పటిదాకా లెక్కల్లో ఎక్కడుందన్నది మాత్రం తక్కువమందికి తెలుసు.

అందులో ఒక భాగం ఇతర సమగ్ర ఆదాయం, అంటే ఓసీఐ అనే పద్దులో ఉంది. అమ్మకుండానే విలువ మారిన కొన్ని అంశాలు లాభనష్టాల ఖాతాను తాకకుండా ఈ పద్దు మీదుగా నేరుగా వాటాదారుల నిధుల్లోకి వెళ్తాయి. ఉద్యోగుల గ్రాట్యుటీ అంచనాల్లో వచ్చే తేడా, విదేశీ అనుబంధ సంస్థల లెక్కలను మన కరెన్సీలోకి మార్చినప్పుడు వచ్చే తేడా ఇలాంటివే. మన దేశంలో కంపెనీలు పాటించే ఇండ్ ఏఎస్ లెక్కల్లో గ్రాట్యుటీ తేడా ఎప్పటికీ లాభంలోకి తిరిగి రాదు. బాండ్ల తేడా మాత్రం అమ్మిన రోజున లాభనష్టాల్లోకి వస్తుంది. కథంతా ఇక్కడే ఉంది.

పదేళ్ల గడువు, ఏటా 1.5 శాతం వడ్డీ ఉన్న 100 డాలర్ల బాండు తీసుకుందాం. మార్కెట్ వడ్డీ 4.5 శాతానికి పెరిగితే దాని ధర సుమారు 76 డాలర్లకు పడిపోతుంది. బ్యాంకు దాన్ని 'అమ్మకానికి అందుబాటులో' ఉన్న కోవలో పెడితే ఏటా వచ్చే 1.5 డాలర్ల వడ్డీ లాభంలో కనిపిస్తుంది, 24 డాలర్ల నష్టం ఓసీఐలోకి పోతుంది. 'గడువు దాకా ఉంచుకుంటాం' అన్న కోవలో పెడితే ఆ 24 ఓసీఐలోకి కూడా రాదు, వార్షిక లెక్కలకు జతచేసే వివరణల్లో, అంటే నోట్లలో ఒక అంకెగా మిగిలిపోతుంది.

నా దృష్టిలో అసలు మలుపు 2013. బ్యాంకులకు ఎంత మూలధనం ఉండాలో చెప్పే బాసెల్ 3 నిబంధనల ముసాయిదాలో, 2012లో, ఓసీఐలో పేరుకున్న నష్టాన్ని మూలధనంలో లెక్కగట్టాలని నియంత్రణ సంస్థలు ప్రతిపాదించాయి. బాండ్లను అమ్మే ఉద్దేశం లేనప్పుడు వడ్డీ రేట్లు కదిలినప్పుడల్లా మూలధనం ఊగిసలాడటం అన్యాయమని బ్యాంకులు వాదించాయి. తుది నిబంధనల్లో అతి పెద్ద బ్యాంకులు తప్ప మిగతావాటికి ఒకసారి ఎంచుకునే మినహాయింపు దక్కింది. 2019లో దాన్ని ఇంకా పెద్ద బ్యాంకులకూ విస్తరించారు. సిలికాన్ వ్యాలీ బ్యాంకు ఈ మినహాయింపును వాడుకుంది.

2022 చివర్లో ఆ బ్యాంకు చూపిన లాభం దాదాపు 150 కోట్ల డాలర్లు. వాటాదారుల నిధులు సుమారు 1,600 కోట్ల డాలర్లు. ఆ నిధుల్లోంచి ఓసీఐ నష్టం దాదాపు 190 కోట్ల డాలర్లు (పన్ను పోను) అప్పటికే తీసేసి ఉంది. నియంత్రణ సంస్థకు చూపే మూలధనంలో మాత్రం అది తీసేయలేదు. నోట్లలో ఇంకో అంకె ఉంది: గడువు దాకా ఉంచుకుంటామన్న బాండ్ల మీద నష్టం సుమారు 1,520 కోట్ల డాలర్లు, దాదాపు వాటాదారుల నిధులంత.

మార్చి 8న బ్యాంకు 2,100 కోట్ల డాలర్ల బాండ్లు అమ్మి, పన్ను పోను 180 కోట్ల డాలర్ల నష్టం ప్రకటించింది. ఇది కొత్త నష్టం కాదు. చాలావరకు డిసెంబర్ నాటికే వాటాదారుల నిధుల్లోంచి పోయిందే. ఆ రోజు జరిగిందల్లా అది ఓసీఐ నుంచి లాభనష్టాల్లోకి, అక్కడి నుంచి నియంత్రణ మూలధనంలోకి దిగడమే. ఆ గుంత పూడ్చడానికి కొత్త షేర్లు జారీ చేస్తామన్నారు. మర్నాడు ఒక్కరోజే డిపాజిటర్లు 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు, 10వ తేదీన బ్యాంకు మూతపడింది.

గడువు దాకా ఆగితే 100కు 100 వస్తాయన్న బ్యాంకుల మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆగడం బ్యాంకు చేతిలో లేదు, డిపాజిటరు చేతిలో ఉంది. పైగా పదేళ్లూ మార్కెట్ 4.5 శాతం ఇస్తుంటే 1.5తో సరిపెట్టుకోవడమూ నష్టమే, ఏటా కొంచెం కొంచెంగా అనుభవించే నష్టం. ఆ భారం మోసేది వాటాదారులే. అందుకే బ్యాంకు షేరు ఉన్నవాళ్లు నికర లాభం దగ్గర ఆగకుండా, ఓసీఐలో పేరుకున్న మొత్తాన్నీ, నోట్లలో బాండ్ల కొన్న ధరకూ మార్కెట్ ధరకూ ఉన్న తేడానూ కలిపి నిధులతో పోల్చి చూసుకోవాలి.

10,000 కోట్ల డాలర్లకు పైబడిన ఆస్తులున్న బ్యాంకులకు మినహాయింపు ఎత్తేయాలని 2023 జులైలో అక్కడి నియంత్రణ సంస్థలు ప్రతిపాదిస్తే బ్యాంకులు మళ్లీ అదే పాత వాదన ఎత్తుకున్నాయి. మన రిజర్వ్ బ్యాంకు వేరే దారి పట్టింది. 2024 ఏప్రిల్ 1 నుంచి అమ్మకానికి అందుబాటులో ఉన్న బాండ్ల లాభనష్టాలు ప్రత్యేక రిజర్వులోకి వెళ్తున్నాయి, ఆ రిజర్వు మూలధన లెక్కలో చేరుతోంది. గడువు దాకా ఉంచుకునే బాండ్లు మాత్రం ఇక్కడా కొన్న ధర లెక్కనే ఉంటాయి. వాటి మార్కెట్ విలువ కోసం నోట్లే తిరగేయాలి.