రేఖ తాకే చోటే కొనుగోలుదారు ఎందుకు ఆగుతాడు: కొన్ని అపోహలు, వాస్తవాలు

వినియోగదారుని సమతౌల్య పటాన్ని చక్కగా గీసిన విద్యార్థులు కూడా, సమతౌల్య బిందువు అక్కడే ఎందుకుందని అడిగితే "ఉదాసీనతా వక్రరేఖ బడ్జెట్ రేఖను అక్కడ తాకుతోంది కనుక" అని రాయడం జవాబు పత్రాలు దిద్దేటప్పుడు తరచూ చూస్తుంటాను. ఒకే సంతృప్తినిచ్చే వస్తువుల కలయికలన్నిటినీ కలిపేది ఉదాసీనతా వక్రరేఖ, ఆదాయమంతా ఖర్చుచేసి కొనగలిగే కలయికలను చూపేది బడ్జెట్ రేఖ. అవి తాకడం ఫలితమే తప్ప కారణం కాదు.

అపోహ: ఆదాయమంతా ఖర్చవుతుంది కాబట్టి బడ్జెట్ రేఖ మీది ఏ బిందువైనా ఒకటే.

వాస్తవం: ఆదాయం 120, X ధర 10, Y ధర 20 అనుకుందాం. కొనుగోలుదారు సంతృప్తి స్థాయిని రెండు పరిమాణాల లబ్ధం సూచిస్తుందని కూడా అనుకుందాం. అతడు 10 X, 1 Y కొంటే డబ్బు సరిగ్గా సరిపోతుంది, స్థాయి 10 అవుతుంది. ఇంకో Y దొరికితే, అదే స్థాయిలో ఉంటూ అతడు 5 X వరకు వదులుకోగలడు, ఎందుకంటే 5 X, 2 Y ల లబ్ధం కూడా 10. మార్కెట్ మాత్రం ఒక Y కి 2 X మాత్రమే అడుగుతోంది. ఈ తేడా ఉన్నందువల్లే అక్కడ వక్రరేఖ బడ్జెట్ రేఖను తాకకుండా ఖండిస్తుంది, అతడికి కదలడం లాభమవుతుంది. 8 X, 2 Y దగ్గర స్థాయి 16కి, 6 X, 3 Y దగ్గర 18కి చేరుతుంది.

ఇక్కడినుంచి మరో Y కావాలంటే అతడు ఇవ్వడానికి సిద్ధపడేది 1.5 X, మార్కెట్ అడిగేది 2. పోనీ ఒక Y వదులుకుందామంటే అతడికి బదులుగా 3 X కావాలి, మార్కెట్ ఇచ్చేది 2 మాత్రమే. ఏ వైపు కదిలినా నష్టమే కనుక అతడు ఆగిపోతాడు. అతి చిన్న మార్పుకు, సంతృప్తి తగ్గకుండా ఒక Y కోసం ఎన్ని X వదులుకోగలడో చెప్పేది ఉపాంత ప్రత్యామ్నాయ రేటు. ఆ బిందువు వద్ద అది ధరల నిష్పత్తికి సమానమవుతుంది, పటంలో అదే స్పర్శగా కనిపిస్తుంది.

అపోహ: సమతౌల్యంలో రెండు వస్తువుల ఉపాంత ప్రయోజనాలు సమానం.

వాస్తవం: ఉపాంత ప్రయోజనం అంటే ఇంకో యూనిట్ వల్ల కలిగే అదనపు సంతృప్తి. పై ఉదాహరణలో 6 X, 3 Y దగ్గర X ఉపాంత ప్రయోజనం 3, Y ది 6. వాటిని ధరలతో భాగిస్తే రెండింటికీ 0.3 వస్తుంది, సమానం కావలసింది ఇదే. అయితే 18 అనే అంకె ఇష్టాల వరుసను చూపే గుర్తు మాత్రమే, లబ్ధాన్ని వర్గం చేసి లెక్కించినా ఎంపిక మారదు. ఆర్థికవేత్తలు హిక్స్, ఆలెన్ 1934 నాటి తమ వ్యాసంలో ఉపాంత ప్రయోజనాన్ని పక్కనపెట్టి ప్రత్యామ్నాయ రేటును ముందుకు తేవడానికి కారణమిదే.

అపోహ: స్పర్శబిందువు ఉంటే సమతౌల్యం ఉన్నట్లే, లేకుంటే లేనట్లే.

వాస్తవం: వక్రరేఖలు మూలబిందువు వైపు కుంభాకారంగా ఉన్నప్పుడే స్పర్శబిందువు అత్యుత్తమమైన ఎంపిక అవుతుంది. అవి పుటాకారంగా ఉంటే, బడ్జెట్ రేఖ మీద అన్నిటికన్నా తక్కువ సంతృప్తినిచ్చేది ఆ బిందువే. ఇక ఒక X కి ఒక Y సరిసమానమని భావించేవారి ఉదాసీనతా రేఖలు సరళరేఖలు, వాటి వాలు బడ్జెట్ రేఖ వాలుతో ఎక్కడా కలవదు. అటువంటి వ్యక్తి చవకైన X నే 12 కొని, Y ని అసలు ముట్టడు. స్పర్శ లేకపోయినా అదే అతడి సమతౌల్యం.