టీచర్ నుంచి టెస్టర్: ప్రొఫైల్ సమ్మరీపై అపోహలు - వాస్తవాలు

హనుమకొండలో మా వదిన ఎనిమిదేళ్లు ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పింది. నాలుగు నెలలు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే మాన్యువల్ టెస్టింగ్ నేర్చుకుని, "తమ్మీ, ఒక్కసారి చూడు" అని తన ప్రొఫైల్ నాకు పంపింది. నేను టెస్టింగ్‌లోనే ఉన్నాను, ఫ్రెషర్ల ప్రొఫైళ్లు చూడడం నా పనిలో భాగం. సమ్మరీలో "కష్టపడే స్వభావం ఉంది, త్వరగా నేర్చుకుంటాను, మంచి సంస్థలో ఎదగాలని ఉంది" అని ఉంది. స్కూలు మాటే లేదు.

అపోహ: టీచర్ అని రాస్తే పక్కన పెట్టేస్తారు.

వాస్తవం: డిగ్రీ ఏ సంవత్సరంలో పూర్తయిందో ప్రొఫైల్‌లోనే కనిపిస్తుంది కదా, మధ్యలో ఎనిమిదేళ్లు ఏం చేశారన్నదే అప్పుడు మొదటి అనుమానం అవుతుంది. దాచకండి. కాకపోతే వెతుకుతున్న ఉద్యోగం పేరు ముందు రావాలి, స్కూలు తర్వాత రావాలి.

అపోహ: ఓపిక, క్రమశిక్షణ అని రాస్తే టీచర్ అనుభవం చెప్పినట్టే.

వాస్తవం: ఆ మాటలు ఎవరైనా రాస్తారు, మీరు చేసిన పని మాత్రం మీరే రాయగలరు. మార్కులు కంప్యూటర్‌లో ఎవరు ఎక్కించేవారని వదినను అడిగితే అసలు సంగతి బయటపడింది. ఎఫ్ఏ మార్కులు 20కే, కానీ ఒకరోజు పొరపాటున 81 కొడితే స్కూల్ సాఫ్ట్‌వేర్ ఏమీ అనకుండా తీసుకుంది, ఆ పిల్లాడి మొత్తం 100 దాటింది. ఏ తరగతి, ఏ గడిలో ఏం కొట్టింది, ఏం రావాలి, ఏం వచ్చింది, అన్నీ కాగితం మీద రాసి ఆ సాఫ్ట్‌వేర్ చూసే అబ్బాయికి ఇచ్చిందట. మేం బగ్ రిపోర్ట్ అనేది దాన్నే! ఇంత మంచి ఉదాహరణ చేతిలో పెట్టుకుని "కష్టపడే స్వభావం" అని రాసుకుంది.

అపోహ: టెస్టింగ్‌లో లేని అనుభవాన్ని రెండేళ్లని కలిపి రాస్తేనే కాల్ వస్తుంది.

వాస్తవం: ప్రాజెక్టులో రోజూ ఏం చేశారు, ఏ బగ్ మళ్లీ తెరుచుకుంది అని రెండు ప్రశ్నలడిగితే దొరికిపోతారు. ఆటోమేషన్ టూల్ సెలీనియం మీద రెండు వీడియోలు మాత్రమే చూసి ఉంటే దాని పేరు కూడా వద్దు.

ఇద్దరం కూర్చుని తిరగరాసింది ఇది, మీరు ఇంగ్లీషులో మీ వివరాలతో రాసుకోండి:

"మాన్యువల్ టెస్టర్ ఉద్యోగం కోసం చూస్తున్నాను. నాలుగు నెలల శిక్షణలో ఒక షాపింగ్ సైట్‌కు 60 టెస్ట్ కేసులు రాశాను, 14 బగ్‌లను జిరాలో నమోదు చేశాను. అంతకుముందు ఎనిమిదేళ్లు లెక్కల టీచర్‌ని. స్కూల్ మార్కుల సాఫ్ట్‌వేర్‌లో గరిష్ఠ మార్కుల తనిఖీ లేదని గుర్తించి, ఆధారాలతో రాసిచ్చాను."

ఈ నాలుగో వాక్యం చదివినవాళ్లు ఇంటర్వ్యూలో తప్పకుండా దాన్నే పట్టుకుంటారు, ఆ గడిని ఎలా టెస్ట్ చేస్తావని అడుగుతారు. అందుకే వదినతో ముందే చెప్పించాను: 0, 20 తీసుకోవాలి, -1, 21 తీసుకోకూడదు. ఖాళీగా వదిలితే ఏమవుతుందో చూడాలి. "మరి పిల్లాడు పరీక్షకే రాకపోతే? సున్నా వేయకూడదు కదా, ఏబీ అని కొడతాం" అంది. అది నాకు తట్టలేదు.