చిన్నపిల్లల సిమ్ దొరుకుతుందా? అపోహలు - వాస్తవాలు

ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో సిమ్‌లు, ఫోన్లు అమ్మే చిన్న కొట్టు నడుపుతున్న నాకు, జూన్‌లో బడులు తెరిచారంటే ఒకే మాట రోజుకు నాలుగైదుసార్లు వినబడుతుంది: "బాబూ, మా పాపకు చిన్నపిల్లల సిమ్ ఒకటి ఇవ్వండి, అన్నీ లాక్ చేసి ఇవ్వండి." అడిగేవారి భయం నాకు అర్థమవుతుంది. ట్యూషన్ అయ్యాక పిల్ల బస్సు ఎక్కిందో లేదో తెలియాలి, కాని ఫోన్ చేతిలో పెడితే ఏమి చూస్తుందోనన్న దిగులు ఉంటుంది. ఆ దిగులును ఆసరాగా చేసుకొని పుట్టిన అపోహల మీదే నాకు చిరాకు.

అపోహ: సిమ్‌లోనే కాల్స్, వీడియోలు, డేటా అన్నీ లాక్ చేసి ఇస్తారు.

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది దీనివల్లే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. పద్దెనిమిదేళ్లు నిండనివారి పేరున మన దేశంలో సిమ్ ఇవ్వరు. అందువల్ల పిల్ల వాడే సిమ్ తల్లి పేరునో తండ్రి పేరునో, వారి ఆధార్ మీదే తీసుకోవాలి. కంపెనీ దృష్టిలో అది పెద్దవారి సిమ్మే. ఆ సిమ్ చేసే పని కాల్స్, ఎస్ఎంఎస్‌లు, డేటా మోయడం వరకే. డేటాలో వచ్చేది పాఠమా, పనికిమాలిన వీడియోనా అన్నది దానికి తెలియదు. పైగా ఇంట్లో వైఫై ఉన్నా, అన్నయ్య తన ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టినా, ఆ డేటాకు పిల్ల సిమ్‌తో సంబంధమే ఉండదు. కాబట్టి ఏమి చూడాలన్న హద్దు పెట్టవలసింది ఫోన్‌లోని గూగుల్ ఖాతాకు, ఎవరితో మాట్లాడాలన్న హద్దు పెట్టవలసింది ఫోన్ యాప్‌లో, ఎంత డేటా అన్నది నిర్ణయమయ్యేది రీచార్జిలో. ఈ మూడూ మూడు వేర్వేరు చోట్ల ఉంటాయని గ్రహించకుండా ఒకే చోట తాళం వేయించుకోబోతేనే మోసపోతారు.

నిరుడు ఒక ఆటో డ్రైవరు వచ్చారు. ఇల్లు మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రలోని పాతపట్నంలో, ఆరో తరగతి చదివే కూతురి బడి ఇవతల మా ఊళ్లో. వేరే కొట్టులో మూడు వందలు ఇచ్చి పాప ఫోన్‌లో "నెట్ లాక్" చేయించానని, ఇంట్లో అది చక్కగా పనిచేస్తోందని, బడి దగ్గర మాత్రం పాప వీడియోలు చూస్తోందని వాళ్ల టీచరు చెప్పారని ఆయన ఫిర్యాదు. ఫోన్ చేతిలోకి తీసుకొని చూస్తే, సిగ్నల్ గీతల పక్కన చిన్న R అక్షరం, అంటే రోమింగ్ గుర్తు, వచ్చి పోతూ ఉంది. సిమ్ ఒడిశా సర్కిల్‌ది. ఇంటి దగ్గర అది ఆంధ్ర వైపు టవరును పట్టుకుంటుంది, ఆ ఫోన్‌లో డేటా రోమింగ్ ఆపి ఉంది కనుక అక్కడ కాల్స్ వెళతాయి గాని నెట్ రాదు. బడి దగ్గర సొంత సర్కిల్ టవరు దొరకగానే నెట్ మొత్తం తెరుచుకుంటుంది. అంటే ఆయన మూడు వందలు పెట్టి కొన్న తాళం మహేంద్రతనయ ఒడ్డున ఉన్న టవరే! సరిహద్దు ఊళ్లలో ఫోన్‌లో నెట్ రావడం లేదంటే దానిని తాళమని నమ్మేముందు ఆ R ఉందో లేదో చూడండి.

అసలు నష్టం ఇంకొకటి ఉంది. ఆ కొట్టువారు పాప ఫోన్‌లో పెట్టిన గూగుల్ ఖాతాలో పుట్టిన సంవత్సరం 1990 అని వేశారు. ముప్ఫై దాటిన మనిషి ఖాతాకు గూగుల్ తనంతట తానుగా పిల్లల హద్దులేమీ పెట్టదు. ఇంకొందరు ఇంతకన్నా ప్రమాదకరమైన పని చేస్తారు, తండ్రి ఖాతానే పిల్ల ఫోన్‌లో తెరిచి ఇస్తారు. అప్పుడు తండ్రి ఫొటోలు, కాంటాక్టులు, ప్లే స్టోర్‌లో దాచిన చెల్లింపు వివరాలు అన్నీ ఆ పిల్ల చేతిలోకి వస్తాయి.

మేము ఆ ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేసి మొదటినుంచీ మొదలుపెట్టాము. ముందు తండ్రి ఫోన్‌లో ఆయన సొంత ఖాతా పాస్‌వర్డు కావలసి వచ్చింది, అది ఆయనకు గుర్తులేదు. పాత ఆటో ఫైనాన్సు పుస్తకం అట్ట మీద రాసి ఉందని ఇంటికి ఫోన్ చేసి చదివించుకునేసరికి అరగంట పోయింది. తరువాత ఆయన ఫోన్‌లో, పిల్లల ఖాతాను పెద్దలు అదుపు చేసుకునే గూగుల్‌వారి ఫ్యామిలీ లింక్ యాప్ వేసి, పాప అసలు పుట్టిన తేదీతో పిల్లల ఖాతా తయారుచేశాము. పదమూడేళ్లు నిండని పిల్లలకు ఖాతా తెరవాలంటే తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. ఆ అనుమతి ఇచ్చిన క్షణం నుంచే ఆ ఖాతా తండ్రి అదుపులో ఉంటుంది. అదే ఖాతాతో పాప ఫోన్‌ను తెరిచి, తండ్రి ఫోన్ నుంచి మూడు పనులు చేశాము. ప్లే స్టోర్‌లో ఏ యాప్ వేయాలన్నా ఆయన అనుమతి తప్పనిసరి చేశాము. క్రోమ్‌కు Only allow approved sites ఎంచుకొని, బడికి కావలసిన నాలుగు సైట్లు చేర్చాము. Downtime, అంటే ఫోన్ మూసుకుని ఉండే వేళ, రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు పెట్టాము.

ఇక్కడే చాలామంది ఆగిపోతారు, అసలు కన్నం ఆ తరువాతే ఉంటుంది. క్రోమ్‌కు పెట్టిన హద్దు క్రోమ్‌కే. ఫోన్ తయారుచేసిన కంపెనీ తనదంటూ ఇంకొక బ్రౌజర్ వేసి పంపుతుంది, దానికి ఈ హద్దు వర్తించదు. ఆయన కళ్లముందే క్రోమ్‌లో తెరుచుకోని సైటును ఆ రెండో బ్రౌజర్‌లో తెరిచి చూపించాను. ఆయన ముఖం వాడిపోయింది. ఫ్యామిలీ లింక్‌లోని యాప్‌ల జాబితాలో దానిని బ్లాక్ చేసి, రెండోసారి పరీక్షించాము. సిమ్ డేటా మీద ఒకసారి, కొట్టు వైఫై మీద ఒకసారి, రెండుచోట్లా మూసుకున్నాకే సరే అన్నాను. అదనంగా సెట్టింగ్స్‌లో Private DNS దగ్గర ఈ పేరు వేశాము:

```
family.cloudflare-dns.com
```

ఇది పెద్దల సైట్లను పేరు చూసి ఆపుతుంది, వైఫైలోనూ సిమ్ డేటాలోనూ పనిచేస్తుంది. అయితే యూట్యూబ్ లోపల ఏ వీడియో ఆడుతున్నదో దీనికి కనబడదు, తెలిసిన పిల్లలు సెట్టింగ్స్‌లోకి వెళ్లి తీసేయగలరు కూడా. దీనిని రెండో తలుపుగా ఉంచుకోవాలి గాని మొదటి తలుపుగా కాదు.

అపోహ: రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ వేస్తే అదే హద్దు.

యూట్యూబ్‌లో 360p నాణ్యతతో చూస్తే గంటకు సుమారు 300 ఎంబీ ఖర్చవుతుంది, అంటే ఒకటిన్నర జీబీతో దాదాపు అయిదు గంటలు చూడవచ్చు. బడికి వెళ్లే పిల్లకు అది హద్దా? ఆ కోటా అయిపోయాక కూడా చాలా ప్యాక్‌లలో నెట్ పూర్తిగా ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఫోన్ సెట్టింగ్స్‌లోని Set data limit కూడా ఉపయోగమే, కాని దానికి తాళం లేదు, వేలితో ఒకసారి నొక్కితే పోతుంది. మొదటి సిమ్‌కు నేను సలహా ఇచ్చేది డేటాయే లేని ప్యాక్. కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాక్‌లు తప్పనిసరిగా ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో నిబంధన తెచ్చింది, 2025 జనవరి నుంచి కంపెనీలు వాటిని ఇస్తున్నాయి. కొట్టులో అడగనిదే ఎవరూ చెప్పరు, ఎందుకంటే అందరూ డేటా ప్యాకే అడుగుతారనుకుంటారు. పాఠాలకు నెట్ కావాలంటే ఇంట్లో, పెద్దవారి హాట్‌స్పాట్ మీద, వారి ఎదుటే వాడించండి.

అపోహ: తెలియని నంబర్లను బ్లాక్ చేసే మీట నొక్కితే కొత్తవారెవరూ ఫోన్ చేయలేరు.

గూగుల్ ఫోన్ యాప్‌లో Blocked numbers కింద ఉండే Unknown అనే మీట ఆపేది నంబరు దాచి చేసే కాల్స్‌ను మాత్రమే. కాంటాక్టుల్లో లేని మామూలు నంబరు నుంచి కాల్ యథావిధిగా మోగుతుంది. 1909కి ఫోన్ చేసి డీఎన్‌డీ పెట్టించుకుంటే తగ్గేవి ప్రకటనల కాల్సే గాని అపరిచితుల కాల్స్ కావు. వచ్చే కాల్స్‌కు మంచి మార్గం Do Not Disturb ఎప్పుడూ వేసి ఉంచి, కాల్స్‌కు కాంటాక్టులను మాత్రమే అనుమతించి, Repeat callers మీటను ఆపి ఉంచడం. అప్పుడు కొత్త నంబరు మోగదు, మిస్డ్ కాల్‌గా మాత్రం కనబడుతుంది, సాయంత్రం మీరు చూసుకోవచ్చు.

వెళ్లే కాల్స్‌కు మాత్రం సిమ్ కార్డు మీదే నిజంగా నిలిచే ఒక తాళం ఉంది. దాని పేరు ఎఫ్‌డీఎన్. ఫోన్ యాప్ Settings, Calling accounts, ఆపైన ఆ సిమ్ పేరు నొక్కితే చాలా ఫోన్లలో Fixed Dialing Numbers కనబడుతుంది. అందులో చేర్చిన నంబర్లకు తప్ప సాధారణ కాల్ వేరే ఎవరికీ వెళ్లదు, అత్యవసర నంబరు 112 మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తుంది. దీనికి సిమ్‌కు ఉండే రెండో రహస్య సంఖ్య పిన్2 కావాలి. దానిని కస్టమర్ కేర్‌ను అడిగి తెలుసుకోవాలి గాని ఊహించి కొట్టకూడదు. మూడుసార్లు తప్పితే, దానిని మళ్లీ తెరిచే సంఖ్య పీయూకే2 అడుగుతూ మూసుకుంటుంది. ఇంకొక జాగ్రత్త, కాంటాక్టుల్లో +91తో ఉన్న నంబరును ఎఫ్‌డీఎన్‌లో పది అంకెలుగానే రాస్తే రెండూ సరిపోలక కాల్ వెళ్లదు, రెండుచోట్లా ఒకేలా రాయండి. వాట్సాప్ కాల్స్‌ను ఇది ఆపలేదు. పదమూడేళ్లలోపు పిల్లలు తమంతట తాముగా వాట్సాప్ ఖాతా తెరవడం ఆ కంపెనీ నిబంధనల ప్రకారమే కుదరదు కనుక, క్లాసు గ్రూపు తల్లి ఫోన్‌లో ఉంచండి.

మిగిలినవి త్వరగా చెబుతాను. Downtime వేసి ఫోన్ మూసుకున్నా పిల్ల వచ్చిన కాల్ ఎత్తగలదు, తానుగా చేయాలంటే ఫ్యామిలీ లింక్‌లో ఫోన్ యాప్‌ను ఎప్పుడూ అనుమతించే జాబితాలో పెట్టండి. మీ పేరున ఉన్నది కదా అని ఆ నంబరును బ్యాంకు ఖాతాకు కలపకండి, ఓటీపీలు పిల్ల చేతిలో మోగుతాయి. ఒక మనిషి పేరున తొమ్మిది సిమ్‌ల వరకు ఉండవచ్చు కాబట్టి పాప సిమ్ వల్ల మీ నంబరు పోతుందన్నది పుకారే.

ఆ ఆటో డ్రైవరు పది రోజుల తరువాత మళ్లీ వచ్చి, పాప ఫోన్ పాడైపోయిందని, వాళ్ల మేనత్తకు కాల్ వెళ్లడం లేదని అన్నారు. ఆ అత్తగారు నంబరు మార్చుకున్నారట. ఎఫ్‌డీఎన్ జాబితాలో పాత నంబరే ఉంది. కొత్తది చేర్చడానికి నిమిషం పట్టేదే గాని, పిన్2 రాసిన బిల్లు ఆటో సీటు కింద దొరికేదాకా పావుగంట వెతికారు.