అపోహలు - వాస్తవాలు: మోసాలు పట్టే మోడల్‌కు 99.8% యాక్యురసీ ఎందుకు చాలదు

బెంగళూరు పేమెంట్స్ టీముల్లో పనిచేసే మన తెలుగువాళ్లకు ప్రిసిషన్, రీకాల్ కొత్త మాటలు కావు. అయినా డెమో రోజు మొదటి స్లైడ్‌లో కనిపించేది యాక్యురసీయే. ఒక లెక్క వేసి చూద్దాం: లక్ష కార్డు లావాదేవీలు, వాటిలో మోసాలు 200.

అపోహ: యాక్యురసీ ఎంత ఎక్కువుంటే మోడల్ అంత మంచిది.

ఒక్క మోసాన్నీ పట్టకుండా అన్నిటినీ వదిలేసే మోడల్‌కు 99.8% వస్తుంది. ఇంకో మోడల్ 400 లావాదేవీలను ఆపింది, వాటిలో 120 నిజంగా మోసాలే. దీని యాక్యురసీ 99.64%. అంటే ఏమీ చేయని మోడలే మెరుగని ఈ కొలత చెబుతోంది!

ఎందుకిలా? మోసాన్ని పట్టిన ప్రతిసారీ ఒక మార్కు కలుస్తుంది, మంచి లావాదేవీని ఆపిన ప్రతిసారీ ఒకటి పోతుంది. 120 కలిశాయి, 280 పోయాయి. తప్పిన మోసానికీ, అనవసరంగా ఆపిన దానికీ యాక్యురసీ ఒకే విలువ కడుతుంది. బ్యాంకుకు ఆ రెంటి నష్టం ఒకటి కాదు.

ఆపినవాటిలో ఎన్ని నిజమో ప్రిసిషన్ చెబుతుంది: 120/400, అంటే 30%. ఉన్న మోసాల్లో ఎన్ని దొరికాయో రీకాల్ చెబుతుంది: 120/200, అంటే 60%. సరిగ్గా వదిలేసిన 99,520 లావాదేవీలు ఈ రెండు లెక్కల్లోకీ రావు, కాబట్టి అవి లోపాన్ని కప్పిపుచ్చలేవు.

అపోహ: F1 ఒక్కటి చూస్తే సరిపోతుంది.

F1 = 2PR/(P+R), ఇక్కడ 0.40. మామూలు సగటుకన్నా ఇది నయమే. లక్ష లావాదేవీలనూ ఆపేస్తే రీకాల్ 100%, ప్రిసిషన్ 0.2%, సగటు 50% దాటుతుంది, F1 మాత్రం 0.004 దగ్గరే ఆగుతుంది. కానీ F1 రెంటినీ సమానంగా చూస్తుంది. మోసం తప్పిపోవడమే పెద్ద నష్టమైతే రీకాల్ వైపు మొగ్గే F2 వాడాలి:

```python
from sklearn.metrics import fbeta_score

fbeta_score(y_test, y_pred, beta=2)
```

మన లెక్కకు ఇది 0.50 ఇస్తుంది. బీటా ఎంతో ఫలితాలు చూశాక కాదు, ముందే తేల్చుకోవాలి.

అపోహ: టెస్ట్ డేటాలో రెండు రకాలనూ సమానం చేస్తే సమస్య తీరుతుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. 200 మోసాలు, 200 మంచి లావాదేవీలతో అదే మోడల్‌ను పరీక్షించండి. రీకాల్ 60% దగ్గరే ఉంటుంది. మంచివాటిలో అది పొరపాటున ఆపేది 99,800కి 280, అంటే 0.28%. 200లో సగటున ఒక్కటి కూడా రాదు. దాంతో ప్రిసిషన్ 99% దాటినట్టు కనిపిస్తుంది. లైవ్‌లో పెట్టగానే 30%కి పడిపోతుంది, మోడల్‌లో ఏమీ మారకుండానే.

శాంప్లింగ్ ట్రైనింగ్ డేటాకే పరిమితం చేయండి. టెస్ట్ డేటా అసలు నిష్పత్తిలోనే ఉండాలి. మోసానికి లేబుల్ 1 అయితే, ఈ ఉదాహరణలో `y_test.mean()` 0.002 చూపాలి. 0.5 చూపిస్తే ఆ ప్రిసిషన్‌ను, దానిమీద లెక్కకట్టిన F-స్కోర్‌ను రిపోర్టులో పెట్టకండి.