సర్టిఫికెట్ గడువు తీరితే పాత డిజిటల్ సంతకాలు పోతాయా? అపోహలు – వాస్తవాలు

కంపెనీలకు డిజిటల్ సంతకాల ఏర్పాట్లు చేసిపెట్టడం నా పని. నన్ను అందరికంటే ఎక్కువగా అడిగేది ఈ ప్రశ్నే: "టోకెన్ గడువు అయిపోయిందండీ, దాంతో సంతకం పెట్టిన పాత కాగితాలన్నీ ఇక చెల్లవా?" చెల్లుతాయి. అయితే ఎందుకు చెల్లుతాయో, ఏ పరిస్థితిలో వాటిని నిరూపించడం కష్టమవుతుందో తెలియక చాలామంది మంచి పత్రాలను చేతులారా పాడుచేసుకుంటున్నారు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు దగ్గర ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ ఉంది. దాని యజమాని శీతలీకరణ యంత్రాల నిర్వహణకు పదేళ్ళ ఒప్పందం కుదుర్చుకుని, 2022 మార్చి 10న పీడీఎఫ్ మీద, సంతకానికి వాడే కీ దాచుకునే తన యూఎస్‌బీ టోకెన్‌తో సంతకం చేశారు. ఆయన సర్టిఫికెట్ 2020 జూలై 2న మొదలై 2022 జూలై 1తో ముగిసింది. 2025లో ఒక వివాదం వచ్చి, అవతలి పక్షం వకీలు ఆ ఫైలు తెరిచి చూశారు.

అపోహ: సర్టిఫికెట్ గడువు తీరిన రోజే దానితో చేసిన సంతకాలూ చెల్లకుండా పోతాయి.

వాస్తవం: సంతకం వేరు, సర్టిఫికెట్ వేరు. సర్టిఫికెట్ అంటే ఫలానా కీ ఫలానా మనిషిదేనని చెప్పే ధ్రువపత్రం. సంతకం చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ ఫైలు మొత్తానికి హ్యాష్, అంటే వేలిముద్ర లాంటి ఒక సంఖ్య, లెక్కిస్తుంది. ఇప్పుడు ఎక్కువగా వాడేది SHA-256, అంటే ఫైలు ఎంత పెద్దదైనా 256 బిట్ల సంఖ్య వస్తుంది. టోకెన్‌లో రహస్యంగా ఉండే ప్రైవేట్ కీ ఆ సంఖ్య మీద సంతకం చేస్తుంది. తర్వాత ఎవరైనా దానికి జతగా సర్టిఫికెట్‌లో ఉండే పబ్లిక్ కీతో సరిచూస్తే, ఫైల్లో ఒక్క కామా మారినా లెక్క తప్పుతుంది, ఏమీ మారకపోతే సరిపోతుంది. ఈ లెక్కలో తేదీ ఎక్కడా లేదు. 2022లో సరిపోయింది 2035లోనూ సరిపోతుంది.

లినక్స్‌లో `pdfsig` అనే చిన్న ప్రోగ్రాం ఈ తేడాను ఉన్నదున్నట్టు చూపిస్తుంది. మన ఒప్పందాన్ని ఈరోజు దానికిస్తే చివర్లో ఇలాంటి వరుసలు వస్తాయి:

```
- Signing Time: Mar 10 2022 11:42:18
- Signature Validation: Signature is Valid.
- Certificate Validation: Certificate has Expired
```

రెండో వరుస సంతకం గురించి, అది బాగానే ఉందని చెబుతోంది. మూడోది సర్టిఫికెట్ గురించి, దాన్ని మాత్రం ప్రోగ్రాం ఈరోజు తేదీతో పోల్చింది. కానీ మనం అడగాల్సింది ఈరోజు సంగతి కాదు, సంతకం చేసిన రోజున సర్టిఫికెట్ నడుస్తోందా లేదా అన్నది. మన దేశంలో, సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థలైన సర్టిఫయింగ్ అథారిటీల కోసం 2000లో చేసిన నిబంధనలు కూడా డిజిటల్ సంతకాన్ని సరిచూడడమంటే ఇదే అంటాయి: సర్టిఫికెట్ అమల్లో ఉన్న కాలంలో సంతకం జరిగిందా, తర్వాత పత్రం మారిందా అని తేల్చడం. సబ్ రిజిస్ట్రార్ రిటైరయ్యారని ఆయన హయాంలో చేసిన రిజిస్ట్రేషన్లు రద్దు కావు కదా.

దీనికి అన్నిటికంటే గట్టి రుజువు ఆధార్ ఈ-సైన్. ఓటీపీ కొట్టి సంతకం పెట్టినప్పుడు, ఆ ఒక్క సంతకం కోసమే అప్పటికప్పుడు ఒక కీ పుడుతుంది. వాడగానే దాన్ని చెరిపేస్తారు. దానికిచ్చే సర్టిఫికెట్ గడువు 30 నిమిషాలు. గడువుతో పాటు సంతకమూ పోయేదైతే, పొద్దున ఈ-సైన్ చేసిన లోన్ అగ్రిమెంట్ మధ్యాహ్నం భోజనానికి ముందే చెల్లకుండా పోవాలి. గడువు అంత తక్కువగా పెట్టింది కీ దొంగల చేతిలో పడే అవకాశమే లేకుండా చేయడానికి.

మరి గడువు దేనికి? ఫలానా కీ ఫలానా మనిషిదేనని సర్టిఫయింగ్ అథారిటీ ఆ తేదీల మధ్య పూచీ పడుతుంది. టోకెన్ పోయిందని ఫిర్యాదు వస్తే సర్టిఫికెట్‌ను రద్దు చేసి, రద్దయిన వాటి జాబితాలో చేర్చి అందరికీ తెలియజేస్తుంది. గడువు తర్వాత ఆ పూచీ ఉండదు. అంటే ఆ కీతో కొత్త సంతకాలు చేయకూడదు, అంతవరకే.

అపోహ: సర్టిఫికెట్ రెన్యువల్ చేశాక పాత పత్రాలన్నిటి మీదా మళ్ళీ సంతకం పెట్టాలి.

వాస్తవం: అక్కర్లేదు, పైగా నష్టం. 2025లో పెట్టే సంతకం 2025 నాటిదే అవుతుంది, 2022 నాటి ఒప్పందానికి అది సాక్ష్యం కాదు. ఇంతకంటే ఘోరమైన పని ఇంకొకటి ఉంది. స్క్రీన్ మీద హెచ్చరిక కనిపించకూడదని పాత ఫైలును 'ప్రింట్ టు పీడీఎఫ్' కొట్టి, ఆ కొత్త ఫైలు మీద సంతకం చేసి, పాతదాన్ని డిలీట్ చేస్తారు. ప్రింట్ కొట్టిన ఫైల్లో అసలు సంతకం ఉండదు, దాని బొమ్మ మాత్రమే ఉంటుంది. ఒరిజినల్ ఫైలును దయచేసి ముట్టుకోకండి.

అపోహ: సంతకం పక్కన తేదీ, టైము కనిపిస్తున్నాయి కాబట్టి ఎప్పుడు చేశారో రుజువైనట్టే.

వాస్తవం: అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. సర్టిఫికెట్ గడువు తీరాక సంతకం చెల్లాలంటే అది గడువులోపు జరిగిందని తేలాలి. అక్రోబాట్ రీడర్‌లో సంతకం వివరాలు తెరిస్తే చాలా పత్రాల్లో ఈ వాక్యం కనిపిస్తుంది: `Signing time is from the clock on the signer's computer.` అంటే మార్చి 10 అని చెబుతున్నది సంతకం చేసినవాళ్ళ కంప్యూటర్ గడియారం. దాన్ని ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. గడువు తీరిన టోకెన్ ఇంకా డ్రాయర్లోనే ఉందనుకోండి, 2024లో కంప్యూటర్ తేదీని 2022కి మార్చి సంతకం చేస్తే, ఫైల్లో కనిపించే తేదీని బట్టి అది అసలుదో కాదో చెప్పలేం. అవతలి వకీలు పట్టుకునేది సరిగ్గా ఈ పాయింటే.

టైంస్టాంప్ ఈ సందును మూసేస్తుంది. సంతకం పడిన వెంటనే సాఫ్ట్‌వేర్ ఆ సంతకం హ్యాష్‌ను మాత్రమే టైంస్టాంప్ సర్వర్‌కు పంపుతుంది. పత్రం బయటికి వెళ్ళదు కాబట్టి లోపల ఏం రాశారో ఆ సర్వర్‌కు తెలియదు. సర్వర్ తన నమ్మకమైన గడియారం చూసి, ఆ హ్యాష్‌కు సమయం జోడించి, తన కీతో సంతకం చేసి తిప్పి పంపుతుంది. అది పీడీఎఫ్‌లోని సంతకంలోనే కూర్చుంటుంది. ఇదంతా క్షణాల్లో అయిపోతుంది. ఈ పద్ధతిని RFC 3161 అనే ప్రమాణం 2001లోనే నిర్దేశించింది. మన దేశంలో లైసెన్సున్న సర్టిఫయింగ్ అథారిటీలు ఈ సేవ ఇస్తాయి. అలాంటి పత్రంలో రీడర్ గడియారం మాట ఎత్తకుండా, టైంస్టాంప్ ఉందని చూపిస్తుంది.

టైంస్టాంప్ చెప్పేది ఒకే మాట: ఈ సంతకం ఈ సమయానికే ఉంది. సంతకం చేసింది ఎవరో అది చెప్పదు. తప్పుడు సంతకాన్ని మంచిదిగా మార్చదు. కాకపోతే ఆ ఒక్క మాటే మనకు కావలసింది. మన కోల్డ్ స్టోరేజీ యజమాని టోకెన్ 2022 మే 20న పోయి, సర్టిఫికెట్ రద్దయిందనుకుందాం. టైంస్టాంప్ లేకపోతే ఆ సంతకం యజమాని మార్చిలో పెట్టిందా, టోకెన్ దొరికినవాళ్ళు జూన్‌లో తేదీ మార్చి పెట్టిందా అన్న అనుమానం మిగులుతుంది. మార్చి 10 నాటి టైంస్టాంప్ ఉంటే ఆ అనుమానానికి చోటే లేదు.

దీనికి తోడు ఇంకొక రుజువు కూడా ఫైల్లో ఉండాలి: సంతకం నాటికి సర్టిఫికెట్ రద్దు కాలేదన్న సమాచారం. గడువు తీరిన సర్టిఫికెట్లను రద్దు జాబితాలోంచి తీసేయడానికి సర్టిఫయింగ్ అథారిటీకి వీలుంది. 2025లో జాబితా చూస్తే మన సర్టిఫికెట్ పేరు అందులో లేకపోవచ్చు. రద్దు కాలేదు కాబట్టి లేదా, గడువు తీరాక తీసేశారు కాబట్టి లేదా అన్నది అప్పుడు తెలియదు. అందుకే రద్దు స్థితిని అప్పుడే తీసుకుని ఫైల్లోనే దాచుకోవాలి. రీడర్‌లో సంతకం మీద రైట్ క్లిక్ చేస్తే `Add Verification Information` అని వచ్చేది దీనికోసమే. ఇది చేయని పత్రాల్లోనే `Signature is not LTV enabled and will expire after` అని ఒక తేదీతో హెచ్చరిక వస్తుంది. LTV అంటే చాలా ఏళ్ళ తర్వాత కూడా సరిచూడగలగడం. ఆ వాక్యం చూసి ఒప్పందమే ముగిసిపోతుందని భయపడిన వాళ్ళను చాలామందిని చూశాను. ఆ తేదీ తర్వాత రుజువులు బయట దొరక్కపోవచ్చు, ఫైల్లో కూడా లేవు అన్నదే దాని భావం.

ఇక పసుపురంగు ప్రశ్నార్థకంతో వచ్చే `Validity Unknown` సంగతి వేరు. చాలాసార్లు దానికి గడువుతో సంబంధమే ఉండదు, మన దేశంలో ఇచ్చే సర్టిఫికెట్లన్నిటికీ మూలమైన రూట్ సర్టిఫికెట్‌ను ఆ కంప్యూటర్‌లో నమ్మినవాటి జాబితాలో చేర్చలేదంతే.

అపోహ: ఒక్కసారి టైంస్టాంప్ పడితే ఇక ఎప్పటికీ బేఫికర్.

వాస్తవం: టైంస్టాంప్ కూడా ఒక సంతకమే, దాని సర్టిఫికెట్‌కూ గడువుంటుంది. ఆ గడువులోపు ముగిసిపోయే ఒప్పందాలకు సమస్య రాదు. ఇరవై, ముప్పై ఏళ్ళు దాచాల్సిన వాటికి వస్తుంది. హ్యాష్ పద్ధతులు కూడా పాతబడతాయి. ఒకప్పుడు అందరూ వాడిన SHA-1తో ఒకే హ్యాష్ ఉన్న రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను తయారుచేసి 2017లో చూపించారు. అందుకని పాత టైంస్టాంప్ ఇంకా చెల్లుబాటులో ఉండగానే, పత్రం మొత్తం మీద కొత్త పద్ధతిలో మరొక టైంస్టాంప్ వేయాలి. కొత్తది పాతదానికి కాపలా కాస్తుంది, దాని గడువు దగ్గరపడితే మళ్ళీ ఇంకొకటి. పీడీఎఫ్ సంతకాలకు ఉన్న ఐరోపా ప్రమాణం PAdESలో B-LTA అనే స్థాయి ఉంది, అది ఇందుకే.

ఇందులో క్రమం ముఖ్యం. 2022 జూన్‌లో, సర్టిఫికెట్ ఇంకా నడుస్తుండగా, మన ఒప్పందానికి టైంస్టాంప్ వేసి ఉంటే సరిగ్గా పనికొచ్చేది. 2025లో వేస్తే ఆ సంతకం 2025 నాటికి ఉందని మాత్రమే రుజువవుతుంది, గడువులోపు చేసిందని కాదు. కాబట్టి సర్టిఫికెట్ ముగియడానికి నెల ముందు ముఖ్యమైన ఫైళ్ళన్నీ తీసి, టైంస్టాంప్ లేనివాటికి వేయించుకోండి, రద్దు స్థితి సమాచారం చేర్చుకోండి.

ఇప్పటికే గడువు దాటిపోయి, టైంస్టాంప్ లేని పత్రాలు చెల్లనివి కావు. కాకపోతే తేదీని వేరే దారిలో నిరూపించుకోవాలి. మన యజమాని ఆ పీడీఎఫ్‌ను 2022 మార్చి 10నే అవతలి కంపెనీకి మెయిల్ చేసి ఉంటే, ఆ అటాచ్‌మెంట్ హ్యాష్, ఇప్పుడు చేతిలో ఉన్న ఫైలు హ్యాష్ ఒకటేనని చూపితే, సంతకం ఆ రోజుకే ఉందని బలంగా వాదించొచ్చు. ఏదైనా పోర్టల్‌లో అప్‌లోడ్ చేసి ఉంటే ఆ రసీదు కూడా పనికొస్తుంది. మెయిల్‌ను ఫార్వర్డ్ చేసి కాకుండా, ఎవరు ఎప్పుడు పంపారో చూపే హెడర్లతో సహా `.eml` ఫైలుగా సేవ్ చేసి ఒరిజినల్ పీడీఎఫ్ పక్కనే పెట్టండి.